ప్రసూతి సెలవు దరఖాస్తు రాసే ముందు: అపోహలు – వాస్తవాలు

భీమవరం, తణుకు, తాడేపల్లిగూడెం పరిసరాల్లోని రైస్ మిల్లులు, రొయ్యల ప్లాంట్లు, బట్టల షాపుల్లో పనిచేసే మహిళలకు సెలవు దరఖాస్తులు రాసిపెట్టడం, తిరస్కరించిన దరఖాస్తులను సరిచేయడం నా వృత్తిలో పెద్ద భాగం. ప్రసూతి సెలవు దగ్గర వచ్చే చిక్కుల్లో చాలావరకు యాజమాన్యం కాఠిన్యం వల్ల వచ్చినవి కావు. తనకు వర్తించని నిబంధనను ఉద్యోగిని దరఖాస్తులో ఉటంకించడం వల్ల వచ్చినవే ఎక్కువ. అలాంటి కాగితాన్ని వెనక్కి పంపడానికి మేనేజరుకు ఒక్క వాక్యం చాలు.

అపోహ: "ప్రభుత్వ నిబంధన ప్రకారం 180 రోజులు" అని రాస్తే అందరికీ సరిపోతుంది.

వాస్తవం: 180 రోజులు రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగినుల సర్వీసు నిబంధనల్లోని లెక్క. అక్క ప్రభుత్వ బడిలో టీచరైతే ఆమె దరఖాస్తును చూసి చెల్లెలు మిల్లులో అదే రాసి ఇవ్వడం మన దగ్గర సర్వసాధారణం. ప్రైవేటు సంస్థల్లో పనిచేసేవారి హక్కు 26 వారాలు, అంటే 182 రోజులు. ఇద్దరు లేదా అంతకుమించి పిల్లలు ఇప్పటికే జీవించి ఉంటే అది 12 వారాలవుతుంది. ఈ హక్కు చాలాకాలం 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టంలో ఉండేది, 26 వారాల గడువు 2017 సవరణతో వచ్చింది. 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్, 2020 అమలులోకి రావడంతో పాత చట్టం స్థానాన్ని అది తీసుకుంది. హక్కు దాదాపు అదే, కానీ ఉటంకించవలసిన పేరు, సెక్షన్ మారాయి. ఇంటర్నెట్‌లో దొరికే నమూనాల్లో చాలావాటిలో ఇంకా 1961 చట్టమే కనిపిస్తుంది కాబట్టి వాటిని యథాతథంగా దించుకోవద్దు.

కోడ్‌లోని ప్రసూతి ప్రయోజన అధ్యాయం ఫ్యాక్టరీలకు వర్తిస్తుంది. షాపులు, ఇతర సంస్థల్లో కనీసం పదిమంది పనిచేస్తూ ఉండాలి. ఐదుగురు పనిచేసే చిన్న షాపు ఉద్యోగిని ఈ కోడ్‌ను పేర్కొంటే అది నిలబడదు.

అపోహ: ఉద్యోగంలో చేరి ఏడాది నిండితేనే ఈ సెలవు అడగాలి.

వాస్తవం: ప్రసవం జరగవచ్చని వైద్యులు చెప్పిన తేదీకి ముందున్న 12 నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలి, అంతే. జీతంతో కూడిన సెలవు దినాలు కూడా ఆ 80లో కలుస్తాయి. అంకెలతో చూస్తే విషయం తేలికగా బోధపడుతుంది. తాడేపల్లిగూడెం దగ్గర ఒక రైస్ మిల్లులో 2026 జనవరి 5న చేరి లెక్కలు రాస్తున్న ఉద్యోగినిని ఊహించుకుందాం. ఆమెకు ప్రసవ తేదీ ఆగస్టు 15 అని వైద్యులు రాసిచ్చారు. ప్రసవానికి ముందు గరిష్ఠంగా ఎనిమిది వారాలు మాత్రమే ఈ సెలవు వాడుకోవచ్చు, కనుక ఆమె సెలవు జూన్ 20 కంటే ముందు మొదలు కాకూడదు. జూన్ 19 వరకు వారానికి ఆరు రోజుల చొప్పున ఆమె పని దినాలు 140 దాకా వస్తాయి, కాబట్టి అర్హత ఉంది. జూన్ 20 నుంచి 182 రోజులు లెక్కిస్తే చివరి రోజు డిసెంబరు 18 అవుతుంది. ఇందులో ఆదివారాలు కూడా కలిసే ఉన్నాయి, వాటికి కూడా డబ్బు చెల్లించాలని 1977లో బి. షా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ముందు వాడుకోని వారాలు పోవు, ప్రసవం తరువాతకు జమవుతాయి. జూలై చివరి దాకా పనిచేసి అప్పుడు మొదలుపెట్టినా మొత్తం 26 వారాలే.

మన ప్రాంతంలో ఇక్కడే ఒక చిక్కు వస్తుంది. ఏడో నెలలో పుట్టింటివారు వచ్చి పురుటికి కోనసీమకో, పాలకొల్లుకో తీసుకెళ్లిపోతారు. అది చాలాసార్లు ఎనిమిది వారాల హద్దుకు సుమారు నెల ముందే అవుతుంది. అప్పటినుంచే ప్రసూతి సెలవు మొదలైనట్లు రాస్తే దరఖాస్తు తప్పు అవుతుంది. ఆ ముందరి రోజులకు మిగిలి ఉన్న జీతంతో కూడిన సెలవునో, జీతం లేని సెలవునో వేరే కాగితం మీద అడగాలి. రెండింటినీ ఒకే దరఖాస్తులో కలిపితే మేనేజరు మొత్తం పక్కన పెట్టేస్తారు.

అపోహ: డబ్బు ఎప్పుడూ కంపెనీయే ఇవ్వాలి.

వాస్తవం: ముందు జీతం చీటీ తీసి చూడండి. అందులో ఉద్యోగుల రాజ్య బీమా, అంటే ఇఎస్‌ఐ, కింద 0.75 శాతం కోత ఉందంటే మీరు బీమా పొందిన ఉద్యోగిని. అప్పుడు కంపెనీ ఇవ్వవలసింది సెలవు మాత్రమే, డబ్బు ఇఎస్‌ఐ నుంచి వస్తుంది. దానికి ఇఎస్‌ఐ శాఖా కార్యాలయంలో వేరే క్లెయిము పెట్టాలి. అక్కడి షరతు కూడా వేరు: ప్రసవానికి ముందున్న రెండు చందా కాలాల్లో కనీసం 70 రోజులకు చందా జమై ఉండాలి. చందా కాలాలు ఏప్రిల్–సెప్టెంబరు, అక్టోబరు–మార్చిగా నడుస్తాయి. ఆ కోత లేనివారికి కంపెనీయే చెల్లించాలి. అది సెలవు మొదలయ్యే ముందరి మూడు నెలల సగటు రోజుకూలి లెక్కన ఉంటుంది. పై ఉదాహరణలో మార్చి, ఏప్రిల్, మే జీతాలు ఆధారమవుతాయి.

అపోహ: మేస్త్రి ద్వారా వచ్చేవారికి, రోజుకూలీలకు ఈ హక్కు లేదు.

వాస్తవం: ఉంది. ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్ మహిళా రోజుకూలీల కేసులో 2000లోనే సుప్రీంకోర్టు ఈ విషయం చెప్పింది. రొయ్యల ప్లాంటులో పీలింగ్ పనికి మధ్యమధ్య విరామాలు వచ్చినా, పనిచేసిన రోజులు మాత్రమే లెక్కించి 80 దాటితే చాలు. ఆ రోజులను రుజువు చేసే మస్టరు, వేతన చీటీల ఫోటోలు దాచిపెట్టుకోవడం అవసరం. మేస్త్రి పుస్తకం ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

అపోహ: ముందుగా నోటీసు ఇవ్వకపోతే హక్కు పోయినట్టే.

వాస్తవం: పోదు, ప్రసవం తరువాత వీలైనంత త్వరగా ఇచ్చినా చెల్లుతుంది. కానీ నోటీసులో ఉండవలసిన రెండు వాక్యాలను చాలామంది వదిలేస్తారు. ఇఎస్‌ఐ లేని ఆ మిల్లు ఉద్యోగిని అయితే ఇలా రాయవచ్చు:

"మేనేజరు గారికి నమస్కారములు. నాకు 2026 ఆగస్టు 15న ప్రసవం జరగవచ్చని వైద్యులు ధ్రువీకరించారు. పత్రం జతపరిచాను. సామాజిక భద్రతా కోడ్, 2020లోని 60వ సెక్షన్ ప్రకారం 2026 జూన్ 20 నుంచి డిసెంబరు 18 వరకు ప్రసూతి సెలవు కోరుతూ, 62వ సెక్షన్ ప్రకారం ఈ నోటీసు ఇస్తున్నాను. ప్రసూతి ప్రయోజనం పొందే కాలంలో నేను మరే సంస్థలోనూ పనిచేయను. నాకు రావలసిన మొత్తాన్ని నాకే చెల్లించవలసిందిగా కోరుతున్నాను."

వేరే చోట పనిచేయనన్న ఆ వాక్యం, డబ్బు ఎవరికి చెల్లించాలన్న ఆ వాక్యం చట్టం కోరేవి. ఈ కాగితం రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద అందినట్టు తేదీతో సంతకం చేయించుకోండి. ప్రసవానికి ముందరి కాలపు మొత్తాన్ని గర్భధారణ రుజువు చూపగానే ముందుగా ఇవ్వాలి, మిగిలినది ప్రసవ రుజువు అందిన 48 గంటల్లోపు చెల్లించాలి. అందుకే ఆసుపత్రి ఇచ్చిన పత్రాన్ని చేరవేసిన రోజు, గంట కూడా రాసిపెట్టుకోండి. గడువు దాటాక కార్మిక శాఖకు ఫిర్యాదు చేయవలసి వస్తే అక్కడ మొదట అడిగేది ఆ సంతకమున్న ప్రతినే.