చక్కెర విరిగితేనే తేనె

పంచదార పాకాన్ని పలచగా కాచి సీసాలో పోసి వదిలేస్తే కొన్నాళ్లకు బూజు పడుతుంది. తేనె సీసా మాత్రం ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. తేనెలో నీళ్లు తక్కువ కాబట్టి పాడవదని చాలామంది చెప్తారు. అది నిజమే గానీ సగం జవాబే. పాకంలో నీళ్లను తేనెలో ఉన్నంతకు తగ్గిస్తే, చల్లారాక పంచదార పలుకులు కట్టి అడుగుకు దిగిపోతుంది. తేనెటీగలు ఈ చిక్కును ఎలా దాటాయన్నదే నాకు తేనె కథలో అన్నిటికన్నా ఆశ్చర్యంగా అనిపించే భాగం.

మకరందంలో ఎక్కువ భాగం నీళ్లే. పువ్వును బట్టి, వాతావరణాన్ని బట్టి ఇది మారుతుంది. లెక్క కోసం నూటికి 70 పాళ్లు నీళ్లు, 30 పాళ్లు చక్కెర అనుకుందాం. చాలా పువ్వుల్లో ఆ చక్కెర ముఖ్యంగా సుక్రోజు, అంటే మన పంచదారే. ఈగ దాన్ని పీల్చి పొట్టలోని తేనెసంచిలో దాచుకుంటుంది. ఆ సంచికీ అసలు జీర్ణకోశానికీ మధ్య ఒక కవాటం ఉంటుంది కాబట్టి తెచ్చిన సరుకు అరిగిపోదు. తల దగ్గరి గ్రంథుల నుంచి ఊరే ఇన్వర్టేజు అనే ఎంజైము దారిలోనే మకరందంలో కలుస్తుంది. పట్టుకు చేరాక లోపల పనిచేసే ఈగలు దాన్ని నోటితో అందుకుని, తమ ఎంజైమును కూడా కలుపుతాయి.

ఇన్వర్టేజు ఒక్కో సుక్రోజు అణువును గ్లూకోజు, ఫ్రక్టోజు అనే రెండు చిన్న చక్కెరలుగా విరగ్గొడుతుంది. మామూలు వేడిలో సుక్రోజు ఒక్కటే అయితే నీళ్లలో నూటికి 67 పాళ్ల వరకే కరిగి ఉంటుంది. విరిగిన చక్కెరల మిశ్రమం, ముఖ్యంగా ఫ్రక్టోజు వల్ల, 80 పాళ్లు దాటినా చాలాకాలం ద్రవంగానే నిలుస్తుంది. మిఠాయి పాకం పలుకు కట్టకుండా నిమ్మరసం పిండినప్పుడు జరిగేదీ ఇదే. అక్కడ పులుపూ వేడీ కలిసి చేసే పనిని ఇక్కడ ఎంజైము చేస్తుంది.

చక్కెర విరుగుతుండగానే నీళ్లు ఆరడమూ మొదలవుతుంది. పట్టు లోపల పనిచేసే ఈగ మకరందపు బొట్టును నోటి దగ్గర పలచగా చాపి, మళ్లీ లోపలికి లాక్కుంటూ ఒక ఇరవై నిమిషాలు గాలికి ఆరనిస్తుంది. తర్వాత దాన్ని మైనపు అరల గోడలకు అంటిస్తుంది. మిగతా ఈగలు రెక్కలు ఆడిస్తూ తేమగాలిని బయటికి తోస్తాయి. పట్టు మధ్యలో 35 డిగ్రీల దాకా ఉండే వెచ్చదనం కూడా ఇందుకు సాయపడుతుంది. నీళ్లు 18 పాళ్లకు దిగేసరికి అర మీద మైనంతో మూత వేస్తాయి. మన లెక్క ప్రకారం కిలో తేనెలో 820 గ్రాముల చక్కెర ఉండాలి, అంటే దాదాపు 2,700 గ్రాముల మకరందం కావాలి. ఈగ ఒక్కసారికి 40 మిల్లీగ్రాములు తెచ్చినా అరవై వేల ట్రిప్పులు దాటుతాయి.

ఇంత చిక్కటి తేనెలో పడిన సూక్ష్మజీవి ఒంట్లోని నీటిని చుట్టూ ఉన్న చక్కెర లాగేస్తుంది. ఒక అణువు రెండైంది కాబట్టి నీటిని పట్టి ఉంచే అణువుల సంఖ్యా పెరిగింది. దీనికి పులుపు తోడవుతుంది. గ్లూకోజు ఆక్సిడేజు అనే మరో ఎంజైము కొంత గ్లూకోజును గ్లూకోనిక్ ఆమ్లంగా మారుస్తుంది, ఆ క్రమంలో సూక్ష్మజీవులను దెబ్బతీసే హైడ్రోజన్ పెరాక్సైడు కూడా పుడుతుంది. పండిన తేనెలో ఈ ఎంజైము దాదాపు నిద్రపోతుంది. నీళ్లు కలిస్తే మళ్లీ పని మొదలుపెడుతుంది.

ఈ రక్షణంతా ఆ 18 పాళ్ల మీదే నిలబడి ఉంది. మూత వేయని అరల నుంచి తీసిన పచ్చి తేనెలో నీళ్లు ఎక్కువ. అందుకే పెంపకందారులు ఫ్రేములో ముప్పావు వంతు అరలకు మూత పడేదాకా ఆగుతారు, పడకపోతే ఫ్రేమును విదిలించి చూస్తారు. చినుకుల్లా రాలితే తేనె ఇంకా పండలేదన్నమాట. పండిన తేనె కూడా గాలిలో తేమ 60 శాతం దాటితే నీళ్లు పీల్చుకుంటుంది. మన కోస్తాలో వానాకాలం మూత వదులైన సీసాకు జరిగేది అదే. అప్పుడు చక్కెరను తట్టుకోగల ఈస్టులు లేస్తాయి. నురగ, పుల్లటి వాసన, మూత తీయగానే గ్యాసు రావడం వాటి గుర్తులు.

తేనె పేరుకుపోతే కల్తీ అనుకుని పారేస్తుంటారు. పేరుకునేది గ్లూకోజు, అది మంచి తేనెలోనూ జరుగుతుంది. పొద్దుతిరుగుడు, ఆవ పూల తేనె త్వరగా పేరుకుంటుంది. అయితే పలుకులు కట్టాక మిగిలిన ద్రవంలో నీటి పాలు పెరుగుతుంది కాబట్టి, 18 పాళ్ల అంచు మీదున్న తేనె అప్పుడే పులియడం మొదలుపెట్టవచ్చు.

ఇంకో హద్దు కూడా ఉంది. తేనె సూక్ష్మజీవులను పెరగనివ్వదు గానీ అన్నిటినీ చంపలేదు. బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు కలిగించే బాక్టీరియా విత్తనాలు అందులో ఏమీ కాకుండా పడి ఉండగలవు. పెద్దల పేగుల్లో అవి మొలకెత్తలేవు, పసిపిల్లల పేగుల్లో మొలకెత్తి విషం తయారుచేయగలవు. అందుకే పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాసే అలవాటును వైద్యులు వద్దంటారు. ఏడాది నిండేదాకా తేనె పెట్టకూడదు, కాచి పెట్టినా సరే, ఎందుకంటే వంటింటి వేడికి ఆ విత్తనాలు చావవు.