బంతి దొర్లుతుంది, తప్పు మాత్రం కనిపించదు

రెండు వాలుబల్లలు పక్కపక్కనే ఉన్నాయి. మొదటిదాన్ని ఎత్తుగా నిలబెట్టి దానిమీద నున్నటి పలక పరిచారు. రెండోదాన్ని తక్కువ ఎత్తులో పెట్టి గరుకు పలక పరిచారు. వాలు ఎక్కువైతే బంతి ఎక్కువ దూరం వెళ్తుందో లేదో తేల్చమని మూడో తరగతి పాపకు చెబితే, ఆమె రెండింటిమీదా బంతులు వదులుతుంది. ఎత్తు బల్ల మీది బంతి దూరం వెళ్తుంది. "వాలు ఎక్కువైతే దూరం వెళ్తుంది" అని పాప సంతోషంగా చెబుతుంది.

జవాబు సరైనదే, కానీ ఆ ప్రయోగం దాన్ని రుజువు చేయలేదు. బంతిని దూరం పంపింది వాలా, నునుపా? రెండూ ఒకేసారి మారాయి కాబట్టి చెప్పలేం. పాపకు ఈ చిక్కు తెలియదు. తెలియజేసేది కూడా అక్కడ ఏదీ లేదు, ఎందుకంటే తప్పు ప్రయోగంలోనూ బంతి చక్కగానే దొర్లుతుంది. పిల్లలను వాళ్లంతట వాళ్లే కనుక్కోనివ్వాలా, పక్కన నిలబడి సాయం చేయాలా అన్న పాత వాదంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచే విషయం ఇదే. తప్పు జరిగినప్పుడు ఆ సంగతి పిల్లలకు ఎవరు చెబుతారు? వాళ్ల చేతిలోని వస్తువు చెబుతుందా, మనిషి చెప్పాలా?

డేవిడ్ క్లార్, మిలెనా నిగమ్ అనే అమెరికన్ పరిశోధకులు సరిగ్గా ఈ వాలుబల్లలతోనే 112 మంది మూడు, నాలుగు తరగతుల పిల్లలను పరీక్షించి 2004లో ఫలితాలు ప్రచురించారు. నేర్పాల్సిన సంగతి ఒక్కటే: దేని ప్రభావం తెలుసుకోవాలనుకుంటున్నామో దాన్ని మాత్రమే మార్చి, మిగతావన్నీ ఒకేలా ఉంచాలి. సగం మందికి ఉపాధ్యాయుడు మంచి ప్రయోగాలు, చెడ్డ ప్రయోగాలు పేర్చి చూపాడు. "దీన్నిబట్టి కచ్చితంగా చెప్పగలమా?" అని అడిగి, ఎందుకు చెప్పగలమో, ఎందుకు చెప్పలేమో వివరించాడు. మిగతా సగం మందికి అవే బల్లలు, అంతే సమయం ఇచ్చారు. వాళ్లు తమ చేతులతో తామే ప్రయోగాలు పేర్చుకున్నారు, ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆ తర్వాత ప్రతి ఒక్కరూ నాలుగు ప్రయోగాలు చేయాలి, అందులో కనీసం మూడు సరిగ్గా ఉంటే విషయం పట్టుబడినట్టు లెక్క. మొదటే తెలిసినవాళ్లను పక్కన పెడితే, వివరించి చెప్పిన 52 మందిలో 40 మందికి పట్టుబడింది. సొంతంగా వెతుక్కున్న 52 మందిలో 12 మందికే పట్టుబడింది.

ఆ 12 మందిని తక్కువగా చూడకూడదు. వారం తర్వాత, ఇతరులు చేసిన సైన్సు ప్రాజెక్టుల పోస్టర్లలో లోపాలు పట్టమన్నప్పుడు, చెప్పించుకుని నేర్చినవాళ్లకు వీళ్లు ఏమాత్రం తీసిపోలేదు. సొంతంగా కనుక్కున్న జ్ఞానం గట్టిదే. అయితే చెప్పించుకున్న జ్ఞానం దానికన్నా నాసిరకమన్న నమ్మకం మాత్రం ఇక్కడ నిలబడలేదు. పైగా సొంతంగా వెతుక్కున్న 52 మందిలో 40 మంది ఆ జ్ఞానం దగ్గరికే చేరలేదు.

ఇప్పుడు దీనికి సరిగ్గా వ్యతిరేకమైన వస్తువును చూద్దాం. 1976లో డేవిడ్ వుడ్, జెరోమ్ బ్రూనర్, గెయిల్ రాస్ ముగ్గురూ కలిసి 3, 4, 5 ఏళ్ల పిల్లలు 30 మందికి చెక్క దిమ్మెలు ఇచ్చారు. మొత్తం 21 దిమ్మెలు. వాటిని జతలుగా అమర్చి, అంతస్తులుగా పేరిస్తే ఒక పిరమిడ్ వస్తుంది. ఒకదాని బొడిపె మరొకదాని గుంటలో కూర్చుంటేనే జత కుదురుతుంది. అంటే ఇక్కడ చెక్కే మాట్లాడుతుంది. అయినా మూడేళ్ల పిల్లలు ఒంటరిగా ఆ పిరమిడ్ కట్టలేరు. అందుకే పక్కన ఒక ఉపాధ్యాయురాలు కూర్చుంది. ముందు పిల్లలను కాసేపు ఆడుకోనిచ్చి, ఆ తర్వాత నోటిమాటతో సాయం చేసి, అది చాలనప్పుడే చేయి వేసింది.

గోడ లేపేటప్పుడు మేస్త్రీలు నిలబడి పనిచేయడానికి చుట్టూ కట్టుకునే కర్రల సారువను ఇంగ్లీషులో స్కాఫోల్డింగ్ అంటారు. బోధనలో ఆ మాట బాగా వాడుకలోకి వచ్చింది ఈ పరిశోధనతోనే. గోడ లేచాక సారువ విప్పేస్తారు కాబట్టి పోలిక బాగా కుదిరింది. అంతకు పదిహేనేళ్ల ముందు, 1961లో, స్వయంగా కనుక్కోవడం ఎంత విలువైనదో చెబుతూ పేరుపొందిన వ్యాసం రాసింది కూడా ఈ బ్రూనరే. కనుక్కోవడాన్ని అంతగా ప్రేమించిన మనిషే పిల్లల పక్కన కూర్చునే సాయాన్నీ ఇంత జాగ్రత్తగా పరిశీలించాడని గుర్తుపెట్టుకుంటే, ఈ రెండూ బద్ధశత్రువులన్న అపోహ కొంత తగ్గుతుంది.

ఆ పరిశోధనలో నన్ను ఆపిన సంగతి మరొకటి ఉంది. చిన్నపిల్లలు జతను సొంతంగా అమర్చలేకపోయినా, సరిగ్గా అమరిన జత కళ్లముందు ఉంటే దాన్ని గుర్తించగలిగేవారు. చేయగలగడానికి ముందే గుర్తించగలగడం వస్తుంది. సాయం పనిచేసేది ఈ రెండింటి మధ్య ఉన్న జాగాలోనే. సరైనదాన్ని చూసినా అది సరైనదని పోల్చుకోలేని చోట ఎంత చూపించినా ప్రయోజనం ఉండదు.

రష్యన్ మనస్తత్వవేత్త లెవ్ వైగాట్‌స్కీ దీనికి దగ్గరి ఆలోచన అంతకు చాలా ముందే చేశాడు. క్షయతో 1934లో, 37 ఏళ్లకే చనిపోయిన ఆయన స్కాఫోల్డింగ్ అన్న మాట ఎన్నడూ వాడలేదు. ఆయన చెప్పింది సమీప వికాస మండలం గురించి. ఇద్దరు పిల్లలు పరీక్షలో ఎనిమిదేళ్ల స్థాయి లెక్కలే చేయగలిగారనుకుందాం. మార్కులు చూస్తే ఇద్దరూ సమానమే. ఇప్పుడు వాళ్లకు కొంచెం సాయం చేస్తాం, అంటే మొదటి మెట్టు చూపడమో, దారి చూపే ఒక ప్రశ్న వేయడమో. ఆ సాయంతో ఒకరు పన్నెండేళ్ల స్థాయి లెక్కల దాకా వెళ్లారు, మరొకరు తొమ్మిది దగ్గరే ఆగిపోయారు. ఒంటరిగా చేయగలిగినదానికీ, సాయంతో చేయగలిగినదానికీ మధ్య దూరమే ఆ మండలం. మొదటి పిల్లవాడికి అది నాలుగేళ్లు, రెండోవాడికి ఒక్క ఏడాది. ఇద్దరికీ ఒకే పాఠం చెబితే ఎవరికో ఒకరికి అన్యాయం జరుగుతుంది. వైగాట్‌స్కీ దృష్టిలో ఇది పిల్లవాడి మానసిక వికాసం మొత్తానికి సంబంధించిన మాట. ఒక్కో లెక్కకూ ఒక్కో మండలం ఉంటుందన్నట్టు ఉపాధ్యాయ శిక్షణలో వాడటం తర్వాత వచ్చిన అలవాటు. నేనూ కింద అలాగే వాడుతున్నాను.

సాయం ఎంత ఉండాలో తేల్చుకోవడానికి వుడ్ బృందం 1978లో ఒక సూత్రాన్ని పరీక్షించింది. పిల్లవాడు తడబడితే వెంటనే సాయాన్ని ఒక మెట్టు పెంచాలి, చేయగలిగితే వెంటనే ఒక మెట్టు తగ్గించాలి. మెట్లు ఐదు: ఊరికే ప్రోత్సహించడం, ఏం చేయాలో మాటల్లో చెప్పడం, దేన్ని వాడాలో చూపడం, దాన్ని అమర్చడానికి వీలుగా సిద్ధం చేసి ఇవ్వడం, చేసి చూపడం. ఎప్పుడూ మాటలే చెప్పినవాళ్లకన్నా, ఎప్పుడూ చేసి చూపినవాళ్లకన్నా ఇలా పిల్లవాడి చివరి అడుగును బట్టి నడుచుకున్నవాళ్ల దగ్గరే పిల్లలు బాగా నేర్చుకున్నారు.

తరగతిలో దీన్ని ఊహించుకుందాం. ఐదో తరగతి, దశాంశాలు. టీచర్ బోర్డు మీద 0.35, 0.4 రాసి ఏది పెద్దదని అడిగారు. "0.35 టీచర్, 35 పెద్దది కదా" అన్నాడు కుర్రాడు. ఇది వాలుబల్ల లాంటి సందర్భమే, ఎందుకంటే 0.35 పక్కన టిక్కు పెట్టినా నోటుపుస్తకం ఏమీ అనదు. ఒంటరిగా వదిలేస్తే రోజంతా అలాగే రాస్తాడు.

"మళ్లీ చూడు నాన్నా" అంటే మొదటి మెట్టు. మార్పు లేదు. "చుక్క పక్కనున్న మొదటి అంకె దేన్ని చెబుతుంది?" అంటే రెండోది. "పదో వంతుల్ని" అని చెప్పాడు, కానీ జవాబు మార్చుకోలేదు. బట్టీ వచ్చింది, అర్థం కాలేదు. మూడో మెట్టులో టీచర్ వంద గళ్ల చదరాన్ని చూపించి ఈ రెండు సంఖ్యలకూ రంగు వేయమన్నారు. 35 గళ్లకు రంగు వేశాడు. 0.4 దగ్గర 4 గళ్లకే వేయబోయి, "పదో వంతంటే ఒక వరుస మొత్తం కదా" అని తనే ఆగి నాలుగు వరుసలు నింపాడు. 40 గళ్లు. గళ్ల చదరం చేసిన మేలు ఇదే: మాట్లాడని సంఖ్యలకు చెక్క దిమ్మెల్లాగా మాట్లాడే గుణం ఇచ్చింది. (చాలామంది ఇక్కడ రూపాయలు, పైసలు వాడతారు. నేను జాగ్రత్త పడమంటాను. చుక్కకు ఇటు రూపాయలు, అటు పైసలు అని రెండు విడి సంఖ్యలుగా చూసే అలవాటును అది గట్టిపరచవచ్చు.)

సరిగ్గా చేశాడు కాబట్టి తర్వాతి లెక్కకు ఒక మెట్టు దిగాలి. 0.6, 0.58 ఇచ్చి, గళ్లు ఇవ్వకుండా "గళ్లను మనసులో ఊహించుకో" అన్నారు. "0.6" అన్నాడు. 0.7, 0.36 అంటే "0.7" అన్నాడు. టీచర్‌కు సంతోషం కలిగింది.

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. ఎందుకంటే ఆ కుర్రాడు ఈలోగా మరో తప్పు సూత్రం తయారుచేసుకుని ఉండవచ్చు: చుక్క తర్వాత అంకెలు తక్కువుంటే ఆ సంఖ్య పెద్దది. ఇచ్చిన మూడు లెక్కలకూ ఆ సూత్రంతో సరైన జవాబే వస్తుంది. బయటపెట్టాలంటే 0.3, 0.45 ఇవ్వాలి. అతను 0.3 అన్నాడంటే అర్థమైనట్టు కనిపించిందంతా పై పూత. సాయం తీసేశాక, మారిన రూపంలో లెక్క ఇచ్చి చూడనంతవరకూ సారువ కింద గోడ లేచిందో లేదో తెలియదు.

నలభై మంది ఉన్న గదిలో ఇదంతా ఒక్కొక్కరితో కుదరదన్నది నిజమైన అభ్యంతరం. కానీ పిల్లల చివరి అడుగును ఒకేసారి చూడటానికి దారి ఉంది. 0.4, 0.35 ఒక జత, 0.3, 0.45 మరో జత. ప్రతి జతలో పెద్దదాన్ని పలకల మీద రాసి ఎత్తిపట్టమనాలి. "అంకెలు ఎక్కువైతే పెద్దది" అనుకునేవాళ్లు మొదటిదాంట్లో తప్పుతారు, "తక్కువైతే పెద్దది" అనుకునేవాళ్లు రెండోదాంట్లో. రెండూ సరిగ్గా రాసినవాళ్లకు ఇక గళ్లు అక్కర్లేదు. తెలిసినవాళ్లకు అనవసరపు సాయం అడ్డమే అవుతుంది. మొదటి గుంపుకు గళ్ల కాగితం, రెండో గుంపుకు 45 గళ్లకు రంగు వేసే పని. మూడో గుంపుకు 0.3కూ 0.4కూ మధ్య ఉండే సంఖ్యలు ఎన్ని రాయగలరో వెతకమని, ఏ సాయమూ లేకుండా వదిలేయవచ్చు. సొంతంగా కనుక్కునే అవకాశం వాళ్లకు ఇప్పుడు నిజంగా ఉంది, ఎందుకంటే రాసిన సంఖ్య తప్పయితే అది తప్పని పోల్చుకునే శక్తి వాళ్లకు వచ్చింది.

వారం తర్వాత ఒక రోజు, పాఠం దశాంశాలది కానప్పుడు, గంట మొదలవగానే బోర్డు మీద 0.5, 0.28, 0.61 రాసి చిన్నదాని నుంచి పెద్దదానికి వరుసలో పెట్టమనాలి. గళ్ల కాగితాలు బీరువాలోనే ఉండాలి.