గ్రాఫిక్స్ కార్డు పెద్దదైతే ఎడిటింగ్ ఆగదా? కొన్ని అపోహలు, వాస్తవాలు

విజయనగరంలో కంప్యూటర్లు అసెంబుల్ చేసి, రిపేర్లు చూసే పని నాది. పెళ్లి వీడియోలు తీసేవాళ్లు, యూట్యూబ్ ఛానళ్లు నడిపే కుర్రాళ్లు నా దగ్గరకు ఎక్కువగా వస్తారు. ముహూర్తాలు మొదలైతే చాలు, ఒకే మాట వారానికి రెండు మూడుసార్లు వింటాను: "అన్నా, టైమ్‌లైన్ ఆగాగిపోతంది. కార్డు సరిపోవట్లేదు, పెద్దది ఏసీయన్నా." అప్పటికే అప్పు చేసి కొన్న సిస్టమ్ అది. దానికి ఇంకో ముప్పై నలభై వేలు పెట్టడానికి సిద్ధపడి వస్తారు. ఆ డబ్బు చాలాసార్లు వృథా అవుతుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: వీడియో ఆగిపోతుంటే గ్రాఫిక్స్ కార్డు చిన్నదన్నమాట

జనం జేబుకు ఎక్కువ చిల్లు పెట్టేది ఇదే. కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను.

కెమెరా ప్రతి ఫ్రేమునూ పూర్తిగా దాచదు. ముందు ఫ్రేముకీ దీనికీ ఉన్న తేడా మాత్రమే రాసుకుని, గట్టిగా మూటకట్టి మెమరీ కార్డులో పెడుతుంది. మీరు టైమ్‌లైన్‌లో ప్లే కొట్టినప్పుడల్లా కంప్యూటర్ ఆ మూట విప్పాలి. విప్పే పనికి గ్రాఫిక్స్ చిప్పులో ఒక చిన్న ప్రత్యేక భాగం ఉంటుంది. గేములు ఆడించే భాగం వేరు, ఇది వేరు. కార్డు ఎంత పెద్దదైనా, ఆ రకం మూట విప్పడం ఈ చిన్న భాగానికి రాకపోతే పనంతా ప్రాసెసర్ మీద పడుతుంది. చిక్కంతా అక్కడే.

ఈమధ్య వస్తున్న మిర్రర్‌లెస్ కెమెరాలు చాలావరకు రంగు వివరాలు ఎక్కువగా దాచే 10 బిట్, 4:2:2 రికార్డింగ్ ఇస్తాయి. రంగు బాగుంటుందని అందరూ అదే పెట్టుకుంటున్నారు. ఎన్విడియా కార్డుల్లో 40 సిరీస్ వరకు ఏదీ 4:2:2ని హార్డ్‌వేర్‌లో విప్పలేదు. 2025లో వచ్చిన 50 సిరీస్‌తోనే ఆ సౌకర్యం మొదలైంది. కానీ ఇంటెల్ ప్రాసెసర్ లోపలే ఉండే గ్రాఫిక్స్, అందరూ చిన్నచూపు చూసేది, 11వ తరం నుంచి హెచ్.265 అనే రకం మూటను 4:2:2లో ఉన్నా చక్కగా విప్పుతుంది. ఆ సౌకర్యం పేరే క్విక్ సింక్.

ఇక్కడే అసలు నష్టం జరుగుతుంది. ఇంటెల్‌లో పేరు చివర F ఉన్న ప్రాసెసర్లకు లోపలి గ్రాఫిక్స్ ఉండదు, అందుకే కాస్త చవక. "కార్డు ఎలాగూ వేస్తున్నాం కదా, అదెందుకు దండగ" అని షాపువాళ్లు ఆ రకమే కట్టిస్తారు. గేములకైతే ఆ మాట నిజమే. పెళ్లి వీడియోలకు మాత్రం ఆ కాస్త ఆదా చాలా ఖరీదు పడుతుంది. ఎడియస్ వాడేవాళ్లకు మరీ కష్టం, ఆ సాఫ్ట్‌వేర్ చాలాకాలం క్విక్ సింక్‌నే నమ్ముకుని నడిచింది.

చీపురుపల్లి వైపు నుంచి ఒక తమ్ముడు సిస్టమ్ మోసుకొచ్చాడు. లోపల i5-12400F, RTX 3060 12 జీబీ కార్డు, ర్యామ్ ఒకే స్టిక్కు. "ఏటన్నా ఇది, ఇంత ఎట్టినాను, తలంబ్రాల క్లిప్పు ఒక్కటి కూడా తిన్నగా ఆడట్లేదు" అన్నాడు. గొంతులో ఏడుపు తెలుస్తోంది. పెళ్లివారు రోజూ ఫోన్ చేస్తున్నారట. ఉన్న కార్డు అమ్మేసి, అంతకన్నా రెండింతల ధర కార్డు వేయించుకుందామని వచ్చాడు.

కుర్చీలో కూర్చోబెట్టి, అతని క్లిప్పు ప్లే చేసి, టాస్క్ మేనేజర్ తెరిచాను. ప్రాసెసర్ నూటికి నూరు దగ్గర ఊపిరాడక ఉంది. పెర్ఫార్మెన్స్ పేజీలో కార్డు మీద నొక్కితే చిన్న చిన్న గ్రాఫులు వస్తాయి. వాటిలో `Video Decode` అనే గీత నేలకు అంటుకుని ఉంది. అంటే అంత ఖరీదైన కార్డు ఆ పని ముట్టుకోనే లేదు. తర్వాత మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో అదే క్లిప్పు తెరిస్తే మూడు వివరాలు కనిపించాయి: `HEVC`, `10 bits`, `4:2:2`. HEVC అన్నా హెచ్.265 అన్నా ఒకటే. ఇంక వేరే పరీక్ష అక్కర్లేదు.

కార్డు జోలికి పోలేదు. ప్రాసెసర్ తీసి, అదే i5-12400ని F లేనిది వేశాం. బోర్డు అదే, కార్డు అదే. బయోస్‌లో లోపలి గ్రాఫిక్స్‌ను ఆన్ చేయాలి, ఎందుకంటే కార్డు ఉంటే చాలా బోర్డులు దాన్ని తమంతట తామే ఆపేస్తాయి. ఇంటెల్ డ్రైవర్ వేశాం. మానిటర్ వైరు ఎన్విడియా కార్డుకే ఉంచాం, మార్చాల్సిన పనిలేదు. ప్రీమియర్‌లో ప్రిఫరెన్సెస్, మీడియా పేజీలో హార్డ్‌వేర్ డీకోడింగ్ దగ్గర ఇంటెల్‌కు టిక్కు పెట్టి, సాఫ్ట్‌వేర్ మూసి తెరిచాం. అదే తలంబ్రాల క్లిప్పు ఎక్కడా ఆగకుండా ఆడింది. ఈసారి ఇంటెల్ గ్రాఫిక్స్ కింద `Video Decode` గీత పైకి లేచింది, ప్రాసెసర్ తేలికపడింది. మూడు కెమెరాల మల్టీక్యామ్ పెడితే మాత్రం ఇంకా తడబడింది. దానికి రాత్రి పడుకునేముందు ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్‌కు తేలికగా ఉండే చిన్న కాపీలు, పెట్టుకోమన్నాను. పాత ప్రాసెసర్ సెకండ్‌హ్యాండ్‌లో అమ్ముడుపోయింది కాబట్టి అతను చేతినుంచి పెట్టింది కొత్త కార్డు ధరలో చిన్న ముక్క.

దీనికి హద్దులున్నాయి, అవీ తెలుసుకోండి. 4:2:2ని కొన్ని కెమెరాలు హెచ్.264లో కూడా రాస్తాయి. సోనీలో ఎక్స్ఏవీసీ ఎస్ అని ఉండేది అదే. దాన్ని 12400లోని క్విక్ సింక్ కూడా విప్పలేదు. అదే కెమెరాలో ఎక్స్ఏవీసీ హెచ్ఎస్ ఉంటే అది హెచ్.265, దాన్ని పెట్టుకోండి. రైజెన్ ప్రాసెసర్ ఉన్నవాళ్లకు లోపలి గ్రాఫిక్స్ ఉన్నా 4:2:2కి పనికిరాదు. రైజెన్ చెడ్డదని కాదు, ఈ ఒక్క పనికి దానిలో ఆ భాగం లేదు.

అసలు చాలామందికి 4:2:2 అవసరమే లేదు. రంగు వెలిసినట్టుండే లాగ్ మోడ్‌లో తీసి గట్టిగా కలర్ గ్రేడింగ్ చేయకపోతే, చివరికి పెన్‌డ్రైవ్‌లో హెచ్‌డీ ఇచ్చే పనైతే, కెమెరా మెనూలో 4:2:0 పెట్టుకోండి. దాన్ని ఈమధ్య కాలపు కార్డులన్నీ విప్పుతాయి. రూపాయి ఖర్చు లేదు.

అపోహ: ల్యాప్‌టాప్‌లో ఎడిటింగ్ అయ్యే పని కాదు

మామూలు ఇంటెల్ ల్యాప్‌టాప్ ఒకటి, దాదాపు లక్ష పెట్టిన డెస్క్‌టాప్ కన్నా పెళ్లి క్లిప్పులు నున్నగా ఆడించడం నా బల్ల మీదే చూశాను. కారణం పైన చెప్పిందే, దానిలో లోపలి గ్రాఫిక్స్ ఉంది. గేమింగ్ ల్యాప్‌టాప్ కొన్నవాళ్లు ఒకటి చూసుకోవాలి. వాటిలో ఎన్విడియా కార్డు ఒక్కటే పనిచేసే మోడ్ ఉంటుంది. గేముల కోసం అది పెట్టి మర్చిపోతే ఇంటెల్ గ్రాఫిక్స్ ఆగిపోతుంది, టైమ్‌లైన్ మళ్లీ మొదటికొస్తుంది. హైబ్రిడ్ మోడ్‌లో ఉంచండి. ఎడిటింగ్ చేసేటప్పుడు ఛార్జర్ పెట్టే ఉంచండి, బ్యాటరీ మీద వేగం పడిపోతుంది.

అపోహ: ఐ7 అంటే ఐ7యే

ఆఫీసుల్లో వాడి తీసేసిన నాలుగో తరం ఐ7లను చవగ్గా అమ్ముతున్నారు. వాటికి హెచ్.265 మూట విప్పే భాగమే లేదు. విండోస్ 11 కూడా వాటికి అధికారికంగా రాదు, విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. 12వ తరం ఐ3 ఈ పనికి వాటికన్నా ఎంతో మేలు. ఆ పాత ఐ7లను వదిలేయండి.

అపోహ: ర్యామ్ ఎంత వేస్తే అంత స్పీడు

ర్యామ్ చాలకపోతే నరకం, సరిపోయాక ఇంకా వేస్తే ఏమీ రాదు. హెచ్‌డీ పనికి 16 జీబీ, 4కే పనికి 32. అంతకన్నా చూడాల్సింది స్టిక్కులు ఎన్నున్నాయన్నది. లోపలి గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌నే వాడుకుంటుంది. 16 జీబీ ఒక్క స్టిక్కుగా కన్నా 8 జీబీవి రెండైతే దానికి దారి రెండింతలవుతుంది. టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలో `Slots used` దగ్గర 1 of 2 అని ఉంటే, మిగిలిన స్లాటులో అలాంటిదే మరొకటి వేయించండి. ల్యాప్‌టాప్ అయితే కొనే ముందే అడగండి, కొన్నిటికి ర్యామ్ బోర్డుకే అతికించేసి ఉంటుంది, తర్వాత పెంచడం కుదరదు.

అపోహ: ఎస్ఎస్‌డీ వేగం సెకనుకు 7000 ఎంబీ ఉండాలి

లెక్క వేద్దాం. కెమెరాలో 100 ఎంబీపీఎస్ అని పెట్టుకుంటే అది మెగాబిట్లలో. ఎనిమిదితో భాగిస్తే సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లు. ఒక క్లిప్పు ఆడటానికి కావలసింది అంతే, ఏ ఎస్ఎస్‌డీ అయినా ఇస్తుంది. మీకు తక్కువయ్యేది వేగం కాదు, చోటు. ఆ లెక్కన గంట ఫుటేజీ 45 జీబీ. రెండు కెమెరాలతో మూడేసి గంటలు తీస్తే 270 జీబీ. 512 జీబీ అని కొన్న డిస్కు విండోస్‌లో 476గా కనిపిస్తుంది. దానిలో విండోస్, సాఫ్ట్‌వేర్లు, వాటి కాష్ పోతే ఒక పెళ్లి పడుతుంది, రెండోది పట్టదు. నిండిపోయిన ఎస్ఎస్‌డీ రాయడంలో బాగా మందగిస్తుంది కూడా. అప్పుడు మళ్లీ కార్డు మీదే నేరం వేస్తారు.

అందుకే వేగం తక్కువైనా 1 టీబీ ఎస్ఎస్‌డీ తీసుకోండి. పని అయిపోయిన పెళ్లిళ్లను హార్డ్ డిస్కులోకి మార్చండి. రెండుచోట్ల కాపీ అయ్యేవరకు కెమెరా కార్డు ఫార్మాట్ చేయకండి. మెమరీ కార్డు చెరిపేశాక డిస్కు పోయి, పెళ్లివారి ముందు తలదించుకున్నవాళ్లు నా షాపులో కూర్చుని బాధపడటం చూశాను.

కొత్తగా కొనే తక్కువ బడ్జెట్ వాళ్లకు నేనిచ్చే వరుస ఇది. ముందు F లేని ఇంటెల్ ప్రాసెసర్, తర్వాత రెండు స్టిక్కుల ర్యామ్, తర్వాత 1 టీబీ ఎస్ఎస్‌డీ. డబ్బు అక్కడితో అయిపోతే కార్డు లేకుండానే మొదలుపెట్టండి. పవర్ సప్లై మాత్రం మంచి కంపెనీది 550 వాట్లు వేయించుకుంటే ఓ సీజన్ డబ్బులు వచ్చాక మధ్యరకం కార్డు వేసుకోవచ్చు. కలర్ పనికీ, నాయిస్ తగ్గించడానికీ, ఎఫెక్టులకీ కార్డు నిజంగానే ఉపయోగపడుతుంది. అప్పుడు 4కే పని ఉంటే కార్డు మెమరీ 8 జీబీకి తగ్గకుండా చూసుకోండి.

డబ్బు కట్టే ముందు మీ కెమెరాలో తీసిన క్లిప్పు ఒకటి పెన్‌డ్రైవ్‌లో షాపుకు తీసుకెళ్లండి. షాపువాళ్ల డెమో వీడియో వద్దు, మీదే కావాలి. దాన్ని డిస్కులోకి కాపీ చేయించి, మీరు వాడే సాఫ్ట్‌వేర్ ట్రయల్‌లో టైమ్‌లైన్ మీద పెట్టించండి. మధ్యలో అక్కడక్కడా నొక్కి చూడండి, పక్కన టాస్క్ మేనేజర్ తెరిచి ఉంచండి. `Video Decode` గీత కదలకుండా ప్రాసెసర్ నూరు కొడుతుంటే, బిల్లు రాయనివ్వకండి.