'40 శాతం తక్కువ' అన్నది దేని గురించి?

1999 ఫిబ్రవరిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో కెవిన్ షుల్మన్ బృందం రాసిన పేపర్ ఒకటి అచ్చయింది. ఛాతీ నొప్పితో వచ్చిన రోగి వీడియోను 720 మంది అమెరికా డాక్టర్లకు చూపించి, ఈ రోగిని క్యాథెటరైజేషన్‌కు పంపుతారా అని అడిగారు. గుండె రక్తనాళాల్లో పూడికలు ఉన్నాయేమో చూసే పరీక్ష అది, మనం మామూలుగా యాంజియోగ్రామ్ అంటాం. వీడియోల్లో రోగులుగా కనిపించినవాళ్లు నటులు. మాటలు అందరివీ ఒకటే. మారిందల్లా ప్రధానంగా రంగు, ఆడా మగా, వయసు, జబ్బుకు సంబంధించిన కొన్ని వివరాలు.

ఫలితం ఒక అంకెగా వచ్చింది. మగవాళ్లతో పోలిస్తే ఆడవాళ్లకు ఆడ్స్ రేషియో 0.6. తెల్లవాళ్లతో పోలిస్తే నల్లవాళ్లకూ 0.6. ఇది చదివిన అమెరికా పత్రికలు, టీవీ ఛానళ్లు ఆడవాళ్లను, నల్లవాళ్లను ఈ పరీక్షకు పంపే అవకాశం 40 శాతం తక్కువని చెప్పాయి. ఒకటి లోంచి 0.6 తీస్తే 0.4 కదా, లెక్క సరిపోయినట్టే అనిపిస్తుంది.

పేపర్ లోపలి శాతాలు మాత్రం వేరే మాట చెప్పాయి. మగవాళ్లలో 90.6 శాతం మందిని పంపుతామన్నారు, ఆడవాళ్లలో 84.7 శాతం మందిని. నల్లవాళ్లు, తెల్లవాళ్ల మధ్య తేడా కూడా సరిగ్గా ఇంతే. వందమందిలో దాదాపు ఆరుగురి తేడా. 84.7ను 90.6తో భాగిస్తే 0.93 వస్తుంది. అది రిస్క్ రేషియో. దాని ప్రకారం తగ్గింది 7 శాతం. మరి 40 ఎక్కడి నుంచి వచ్చింది?

ఇల్లు కట్టేచోట మేస్త్రి 'ఒకటికి నాలుగు' అంటే ఒక పాలు సిమెంటు, నాలుగు పాళ్లు ఇసుక అని. ఆ మాలులో సిమెంటు నాలుగో వంతు ఉందని ఎవరూ అనుకోరు. మొత్తం ఐదు పాళ్లు కాబట్టి సిమెంటు ఐదో వంతు. ఆడ్స్ అంటే మేస్త్రి చెప్పే పాళ్ల లెక్క, జరిగినవాటిని జరగనివాటితో పోల్చడం. రిస్క్ అంటే మొత్తంలో వంతు, జరిగినవాటిని అందరితో పోల్చడం. మాలులో సిమెంటు చాలా తక్కువైతే, ఒకటికి తొంభై తొమ్మిది అనుకుందాం, రెండు లెక్కలూ దాదాపు ఒకటే అవుతాయి. ఒకటి తొంభై తొమ్మిదో వంతు, ఇంకోటి వందో వంతు. సిమెంటు పెరిగేకొద్దీ ఆ రెండూ దూరమవుతాయి.

షుల్మన్ అధ్యయనంలో పరీక్షకు పంపడం అరుదైన విషయం కాదు, పదిమందిలో తొమ్మిదిమందికి జరిగేదే. మగవాళ్ల ఆడ్స్ 90.6ను 9.4తో భాగిస్తే వచ్చే 9.6. ఆడవాళ్ల ఆడ్స్ 84.7ను 15.3తో భాగిస్తే వచ్చే 5.5. 5.5ను 9.6తో భాగిస్తే 0.57, పేపర్‌లో దాదాపు అదే 0.6గా కనిపించింది. లెక్కలో తప్పు లేదు. ఆడ్స్ నిజంగానే 40 శాతం తక్కువ. ఆ 'ఆడ్స్' స్థానంలో 'అవకాశం' అని రాయడమే తప్పు.

తెలుగులో రాసేవాళ్లకు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఆడ్స్, రిస్క్, ప్రాబబిలిటీ, ఛాన్స్ అన్నిటికీ మన కలం నుంచి వచ్చేది 'అవకాశం' అన్న ఒక్క మాటే. అందుకే ఆడ్స్‌ను ఆడ్స్ అనే ఉంచి, అదేమిటో ఒక వాక్యంలో చెప్పడం మేలని నా అభిప్రాయం. అచ్చ తెలుగు మాట కోసం వెతికి అర్థం చెడగొట్టుకోవడం కంటే అది నయం.

ఇంత ఇబ్బంది ఉంటే ఆడ్స్ రేషియో వాడటమెందుకు? కేస్ కంట్రోల్ అధ్యయనాల్లో వేరే దారి ఉండదు. అక్కడ పరిశోధకులు జబ్బు ఉన్న వందమందిని, లేని వందమందిని ముందే ఏరుకుంటారు. ఆ రెండు వందలమందిలో జబ్బు సగం మందికి ఉందంటే అది వాళ్లు ఏరుకున్న తీరు, ఊళ్లో రిస్క్ కాదు. ఆడ్స్ రేషియో మాత్రం ఇలా ఏరుకున్నా చెక్కుచెదరదు. రెండో కారణం అలవాటు. వయసు, బీపీ లాంటివి సర్దుబాటు చేయడానికి అందరూ లాజిస్టిక్ రిగ్రెషన్ నడుపుతారు, అది నేరుగా ఇచ్చేది ఆడ్స్ రేషియోనే. దాన్ని అలాగే టేబుల్‌లో పెట్టేసి, చర్చ రాసేటప్పుడు 'ఇన్ని రెట్లు ఎక్కువ రిస్క్' అనేస్తారు. తప్పు జరిగేది ఎక్కువగా ఈ రెండో మెట్టు దగ్గరే.

ఇలాంటి పేపర్ చదివేటప్పుడు నేను మొదట వెతికేది పోలిక గ్రూపులో ఆ ఫలితం ఎంత శాతం మందికి వచ్చిందన్నది. పది శాతం లోపైతే పెద్దగా కంగారు పడను. ఎక్కువైతే ఈ చిన్న సూత్రం వేసి చూస్తాను:

```
RR = OR / ((1 - P0) + P0 * OR)
```

ఇందులో RR రిస్క్ రేషియో, OR ఆడ్స్ రేషియో, P0 పోలిక గ్రూపు రిస్క్. OR 0.57, P0 0.906 పెట్టి చూడండి, 0.93 వస్తుంది. ఇది అంచనా వేసుకోవడానికి బాగుంటుంది. సర్దుబాటు చేసిన ఆడ్స్ రేషియోను మాత్రం దీనితో మార్చి పేపర్‌లో పెట్టకూడదు. రిస్క్ అందరికీ ఒకేలా ఉండదు కాబట్టి ఫలితం పక్కకు పోతుంది. దానికి బదులు మొదటి నుంచే రిస్క్ రేషియో ఇచ్చే పద్ధతి, ఉదాహరణకు రోబస్ట్ స్టాండర్డ్ ఎర్రర్లతో పాయిజాన్ రిగ్రెషన్, నడపవచ్చు.

రిస్క్ రేషియోకూ ఒక మెలిక ఉంది. అదే అధ్యయనాన్ని తిరగేసి, పరీక్షకు పంపనివాళ్లను లెక్కిద్దాం. ఆడవాళ్లలో 15.3 శాతం, మగవాళ్లలో 9.4 శాతం. ఇప్పుడు రిస్క్ రేషియో 1.63. ఒకవైపు నుంచి 7 శాతం తక్కువ, మరోవైపు నుంచి 63 శాతం ఎక్కువ, రెండూ నిజమే. కాబట్టి ఒక్క నిష్పత్తిని ఒంటరిగా వదలకుండా, శాతాలు రెండూ పక్కపక్కన పెట్టి రాయాలి: 'మగవాళ్లలో 90.6 శాతం మందిని, ఆడవాళ్లలో 84.7 శాతం మందిని పంపుతామన్నారు, తేడా 5.9 పాయింట్లు, రిస్క్ రేషియో 0.93.' ఈ వాక్యం చదివినవాళ్లు దారి తప్పరు.

లీసా ష్వార్ట్జ్, స్టీవెన్ వోలోషిన్, గిల్బర్ట్ వెల్చ్ అదే ఏడాది జులైలో అదే పత్రికలో ఈ లెక్కంతా విప్పి చూపించారు. మీడియా అతిగా అర్థం చేసుకోవడానికి బాధ్యత తమదేనని పత్రిక సంపాదకులు ఒప్పుకున్నారు. నాలుగు గ్రూపుల శాతాలు విడివిడిగా చూస్తే ఇంకో సంగతి బయటపడింది. తెల్ల మగవాళ్లు, నల్ల మగవాళ్లు, తెల్ల ఆడవాళ్లు, ఈ మూడు గ్రూపుల్లోనూ 90.6 శాతమే. తేడా అంతా ఒక్క నల్లజాతి ఆడవాళ్లలోనే ఉంది. వాళ్లలో పంపుతామన్నది 78.8 శాతం మందిని.