కోడ్ రాసినవాళ్లు మాట్లాడకూడదు

పైథాన్ మొదలుపెట్టి రెండు మూడు నెలలైన నలుగురు, అమీర్‌పేట హాస్టల్లో ఒకే ఫ్లోర్‌లో ఉంటూ, "ఆదివారం ఆదివారం కూర్చుని ఒకరి కోడ్ ఇంకొకరం చూద్దాం" అనుకున్నారనుకోండి. మొదటి వారం ఏం జరుగుతుందో నేను ముందే చెప్పగలను. కోడ్ రాసినతను లాప్‌టాప్ అందరివైపూ తిప్పి, ఇక్కడ లిస్టు తీసుకున్నాను, ఇక్కడ లూప్ పెట్టాను, ఇక్కడ ప్రింట్ చేశాను అని మొదట్నుంచి చివరిదాకా వివరిస్తాడు, మిగతా ముగ్గురూ తలూపుతారు, "సూపర్ ఉంది అన్నా" అంటారు, తర్వాత టీకి వెళ్తారు. బగ్ మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

వాళ్లకి తెలివి లేకో మొహమాటం వల్లో మాత్రమే ఇలా జరగదు. రాసినవాళ్లు పక్కన కూర్చుని వివరిస్తుంటే మనం కోడ్ చదవం, వాళ్ల ఉద్దేశం వింటాం. ఉద్దేశం ఎప్పుడూ బాగానే ఉంటుంది. "తక్కువ మార్కులు తీసేస్తున్నాను" అని చెవిలో పడ్డాక, కంటి ముందున్న నాలుగు లైన్లు నిజంగా తీసేస్తున్నాయా లేదా అని చూడాలన్న ఆలోచనే రాదు.

ఇది కొత్తగా తెలిసిన సంగతేం కాదు. 1976లో ఐబీఎంలో పనిచేస్తున్న మైకేల్ ఫాగన్, ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడానికి ఒక పద్ధతి ప్రచురించాడు. ఓ నలుగురు కూర్చోవాలి, రెండు గంటలు దాటకూడదు, కూర్చున్నప్పుడు తప్పు పట్టుకోవడమే పని, దాన్ని ఎలా సరిచేయాలన్న చర్చ అక్కడ పెట్టకూడదు. కోడ్‌ని చదివి తన మాటల్లో చెప్పే పని ఒకరికి ప్రత్యేకంగా అప్పగిస్తారు. ఆ పద్ధతి స్థిరపడేకొద్దీ, ఆ చదివేవాళ్లు రాసినవాళ్లు కాకూడదన్నది మామూలు నియమమైంది. అప్పట్లో పెద్ద కంపెనీల కోసం పుట్టిన పద్ధతే కానీ, ఇందులోంచి ఈ ఒక్క ముక్క తీసుకుంటే కొత్తవాళ్ల గ్రూపు సగం గట్టెక్కుతుంది: చదివేది వేరొకరు, రాసినవాళ్లు చివరిదాకా నోరు విప్పరు.

ఒక ఆదివారం ఎలా నడుస్తుందో చూద్దాం. ఒకమ్మాయి పదో తరగతి మార్కుల మీద చిన్న ప్రోగ్రాం రాసింది. 35 కన్నా తక్కువ వచ్చినవి తీసేసి, పాసైనవాళ్ల మార్కులు మాత్రమే మిగల్చాలి.

```python
marks = [35, 20, 60, 12]
for m in marks:
    if m < 35:
        marks.remove(m)
print(marks)
```

రన్ చేస్తే `[35, 60]` వస్తుంది. కరెక్టే. తను కూడా రన్ చేసి చూసుకునే తెచ్చింది. ఇప్పుడు చదివే అబ్బాయి లైన్ల వారీగా, కోడ్ పదాలు వాడకుండా, మామూలు తెలుగులో చెప్పాలి: "లిస్టులో ఒక్కో మార్కూ తీసుకుంటున్నాం. అది 35 కన్నా తక్కువైతే లిస్టులోంచి తీసేస్తున్నాం..." ఇక్కడ ఆగాడు. "తీసేస్తున్నది ఏ లిస్టులోంచి? మనం నడుస్తున్న లిస్టులోంచేనా?" ఆ అమ్మాయికి జవాబు చెప్పాలని నోటిదాకా వస్తుంది, చెప్పకూడదు. ఆ ఆగిన చోటు చాలా విలువైనది. వివరణ ఇచ్చేస్తే అందరూ దాన్ని దాటేసి పోతారు.

తర్వాత రెండో నియమం. సందేహం వచ్చిన ఎవరైనా "ఇది తప్పేమో" అని వదిలేయకూడదు, ఏ ఇన్‌పుట్ ఇస్తే తప్పు బయటపడుతుందో చెప్పాలి, రన్ చేసే ముందే ఏం ప్రింటవుతుందో కాగితం మీద రాయాలి. ఇంకో అబ్బాయి 20 పక్కన 18 పెట్టి చూద్దామన్నాడు: `[35, 20, 18, 60, 12]`. అందరూ ఎవరి కాగితం మీద వాళ్లు రాశారు. ముగ్గురు `[35, 60]` అనే రాశారు. రన్ చేస్తే వచ్చింది `[35, 18, 60]`.

ఫెయిలైన 18 లిస్టులో కూర్చుంది, ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. ఇప్పుడు నోట్‌బుక్‌లో ఒక పట్టిక గీస్తారు. లూప్ తిరిగిన ప్రతిసారీ స్థానం ఎంత, `m` ఎంత, ఆ అడుగు పూర్తయ్యాక లిస్టు ఎలా ఉంది అని.

```
స్థానం   m    ఆ తర్వాత లిస్టు
0      35   [35, 20, 18, 60, 12]
1      20   [35, 18, 60, 12]
2      60   [35, 18, 60, 12]
3      12   [35, 18, 60]
```

రెండో వరుస దగ్గర అంతా తెలిసిపోతుంది. స్థానం 1లో ఉన్న 20ని తీసేయగానే వెనకున్నవన్నీ ఒక్కో అడుగు ముందుకి జరిగాయి, 18 వచ్చి స్థానం 1లో నిలబడింది. లూప్‌కి ఇదేం పట్టదు, అది తన లెక్క ప్రకారం స్థానం 2కి వెళ్లిపోయింది, అక్కడ 60 ఉంది. 18ని ఎవరూ చూడనే లేదు. మొదటి ఇన్‌పుట్‌లో రెండు ఫెయిల్ మార్కులూ పక్కపక్కన లేవు కాబట్టి బతికిపోయింది, అంతే. రాసినవాళ్లు తమ కోడ్‌ని పరీక్షించుకునేటప్పుడు, తెలియకుండానే, పనిచేసే ఇన్‌పుట్‌లే ఇస్తారు. మనసులో ఉన్న బొమ్మకి సరిపోయేవే చేతికి వస్తాయి మరి.

సరిచేయడం రాసినమ్మాయి పని, అదీ ఇంటికెళ్లాక. వచ్చే వారం ఇలా తెచ్చింది:

```python
passed = [m for m in marks if m >= 35]
```

ఇందులో ఒకటికి రెండు లాభాలు. తీసేయడం మానేసి కావాల్సినవి ఏరుకుంటున్నాం, పైగా అసలు లిస్టు చెక్కుచెదరకుండా ఉంటుంది, రేపు ఫెయిలైనవాళ్ల సంఖ్య అడిగితే చెప్పొచ్చు. `for m in marks[:]` అని కాపీ మీద నడిచినా 18 పోతుంది కానీ, అసలు లిస్టు అప్పుడూ పాడవుతుంది.

అందరూ కొత్తవాళ్లే కదా, ఎవరి మాట నమ్మాలి అన్నది ఇలాంటి గ్రూపుల మీద ఎప్పుడూ వచ్చే ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. గ్రూపులో కాస్త గట్టిగా మాట్లాడేవాళ్లు ఒకరుంటారు, వాళ్లు "`while` వాడితే ఫాస్ట్" లాంటిది ఏదో ఒకటి నమ్మకంగా చెప్తే మిగతావాళ్లు రాసుకుంటారు. ఇన్‌పుట్ నియమం పెట్టింది సగం దీనికోసమే. ఇక్కడ తీర్పు చెప్పేది పైథాన్, సీనియర్ కాదు. ఇన్‌పుట్ చూపించలేని అభ్యంతరం నోట్‌బుక్‌లో ప్రశ్నగా ఉంటుంది, రాసినవాళ్లు కోడ్ మార్చక్కర్లేదు. దీనివల్ల ఇంకో మేలు కూడా ఉంది: "నీ లాజిక్ తప్పు" అంటే ఎవరికైనా చురుక్కుమంటుంది, "ఖాళీ లిస్టు ఇస్తే ఏమవుతుంది?" అంటే మాత్రం రాసినవాళ్లే ముందుకి వంగి చూస్తారు.

వేరియబుల్ పేర్లు, స్పేసులు, బ్రాకెట్ ఎక్కడ పెట్టాలి లాంటి వాటి మీద అరగంట పోయే ప్రమాదం ఉంది, ఎందుకంటే ఆ విషయాల్లో అందరికీ అభిప్రాయం ఉంటుంది. `black` లాంటి ఫార్మాటర్ ఒకసారి నడిపి తెచ్చుకుంటే స్పేసుల గొడవ వదులుతుంది. పేర్ల సంగతి చదివేవాళ్లు నిజంగా తడబడితేనే ఎత్తాలి. `x2` అంటే ఏంటో చెప్పలేక ఆగిపోతే అది చాలు, ఇంకెవరూ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు.

ఎంత కోడ్ తేవాలి? నా లెక్కలో ఒక స్క్రీన్‌కి సరిపడా, నలభై యాభై లైన్లు, వారానికి ఇద్దరివి. పైన చూసిన ఐదు లైన్లకే ఓపిగ్గా చేస్తే ఇరవై నిమిషాలు పడుతుంది. మూడొందల లైన్లు తెచ్చిన రోజు ఎవరూ చదవరు, మళ్లీ తలూపుడే.

కోడ్ శుక్రవారమే పంపాలి, ఎవరికివాళ్లు చదువుకుని రావాలి. 1993లో బెల్ ల్యాబ్స్ పరిశోధకుడు లారెన్స్ వోటా, అసలు ఈ సమావేశాలు అవసరమా అని లెక్క తీసి చూశాడు. తప్పుల్లో చాలా భాగం ముందుగా ఒంటరిగా చదివినప్పుడే దొరికిపోతున్నాయి, అందరూ కూర్చున్నాక కొత్తగా దొరికేవి తక్కువే అని తేలింది. మరి కూర్చోవడం దేనికి? కంపెనీకైతే ఆ ప్రశ్న వేరు, వాళ్లకి జీతాల గంటలు ఖర్చు. నేర్చుకునేవాళ్లకి కూర్చోవడంలో దొరికేది బగ్ కాదు, కాగితం మీద తను రాసిన జవాబుకీ స్క్రీన్ మీద వచ్చినదానికీ తేడా. `[35, 60]` అని రాసిన ముగ్గురికీ ఆ రోజు తెలిసింది, లూప్ గురించి తమ బుర్రలో ఉన్న బొమ్మ తప్పని. ఒంటరిగా చదివితే ఆ బొమ్మని ఎవరూ ప్రశ్నించరు.

అయితే ఈ పద్ధతి ఎక్కడ ఆగిపోతుందో కూడా తెలిసుండాలి. ఎవరూ ఊహించని ఇన్‌పుట్‌ని ఎవరూ ఇవ్వరు. డేటాబేస్‌లో పేరు వెతికే కోడ్ ఒకరు ఇలా తెచ్చారనుకోండి:

```python
q = "SELECT * FROM users WHERE name = '" + name + "'"
```

రవి, లక్ష్మి, ఖాళీ పేరు, అన్నీ ఇచ్చి చూస్తారు, బాగానే నడుస్తుంది. అదృష్టం బాగుండి ఎవరో `D'Souza` అని ఇస్తే ఎర్రర్ వస్తుంది, పేరులో ఉన్న కొటేషన్ గుర్తు దగ్గరే వాక్యం ముగిసిపోయిందని డేటాబేస్ అనుకుంటుంది కాబట్టి. గ్రూపు సంబరపడి, ఆ గుర్తుని `replace` తో తీసేయమని సలహా ఇస్తుంది. కానీ అదే సందులోంచి `' OR '1'='1` అని పేరు స్థానంలో టైప్ చేస్తే పట్టికలో ఉన్న అందరి వివరాలూ వచ్చేస్తాయన్న సంగతి, ఆ దాడి గురించి ఎప్పుడూ వినని నలుగురికి తట్టదు. గుర్తుని తీసేస్తే డిసౌజా పేరే మారిపోతుందన్నది మాత్రం తట్టొచ్చు. అసలు మందు వేరే ఉంది, పేరుని వాక్యంలో అతికించకుండా విడిగా పంపడం. పైథాన్‌లో `sqlite3` అయితే ఇలా:

```python
cur.execute("SELECT * FROM users WHERE name = ?", (name,))
```

పాస్‌వర్డులు, డబ్బులు, డేటాబేస్, బయటివాళ్లు టైప్ చేసేది ఏదైనా ఉన్న కోడ్ వచ్చిన వారం, ఉద్యోగంలో ఉన్న సీనియర్‌ని ఎవరినైనా ఒక గంట పిలవండి. ఆయన్ని కోడ్ సరిచేయమని అడగొద్దు, చేసిపెట్టి వెళ్లిపోతారు. "అన్నా, మేము ఇవ్వని ఇన్‌పుట్ ఒకటి ఇవ్వు" అని అడగండి, ఆయన ఇచ్చింది రన్ చేసే ముందు మళ్లీ కాగితాలు తీయండి.