పప్పుకీ చీముకీ సంబంధం లేదు: సిజేరియన్ కుట్ల గురించి అపోహలు - వాస్తవాలు

అపోహ: పప్పు, గుడ్డు తింటే కుట్లు చీము పడతాయి. నీళ్ళు తాగితే కుట్లు నీరు పడతాయి.

బాలింత కంచంలోంచి మొదట మాయమయ్యేది ముద్దపప్పు, ఆ తర్వాత గుడ్డు. పాలు బాగా పడాలని సొరచేప పిట్టు వండిపెట్టే ఇంట్లోనే గుడ్డు వద్దంటారు, అదీ వింత. చీము సూక్ష్మజీవుల వల్ల పడుతుంది. అవి కంచంలోంచి రావు. చర్మం మీద నుంచి, ముట్టుకున్న చేతుల నుంచి, ఉమ్మనీరు పోయి చాలాసేపయ్యాక ఆపరేషన్ చేస్తే ఒక్కోసారి లోపలి నుంచి కూడా వస్తాయి. షుగర్, రక్తహీనత, లావు ఉన్నవాళ్ళకి ఈ ముప్పు ఎక్కువ. చర్మం, కొవ్వు, దాని కింది గట్టి పొర, గర్భసంచి, ఇన్ని చోట్ల తెగిన కండ తిరిగి అతుక్కోవాలంటే మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు, చేప మానేస్తే పుండు మానడమే ఆలస్యమవుతుంది.

నీళ్ళ సంగతీ అంతే. బిడ్డకి పాలిచ్చిన ప్రతిసారీ ఒక గ్లాసు తాగితే చాలావరకు సరిపోతుంది. మూత్రం ముదురు పసుపుగా వస్తుంటే ఇంకా తాగాలి. నీళ్ళు తగ్గితే మలబద్ధకం వస్తుంది, దొడ్డికి ముక్కినప్పుడల్లా కుట్ల మీద బరువు పడుతుంది. అత్తగారు భయపడేది అదే కుట్ల కోసం కదా!

అపోహ: పెద్దాపరేషన్ అయింది, పదకొండు రోజులు మంచం దిగకూడదు.

కాన్పు తర్వాత ఆరు వారాల దాకా రక్తం గడ్డకట్టే గుణం ఎక్కువగా ఉంటుంది. కదలకుండా పడుకుంటే కాలి పిక్కలో గడ్డ కట్టి, అది ఊపిరితిత్తులకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే మత్తు దిగి కాళ్ళు బాగా ఆడుతుంటే మొదటి 24 గంటల్లోపే, ఒకరు పట్టుకుని, నాలుగడుగులు వేయించాలి. మూత్రం గొట్టం తీశాక ఆరు గంటల్లో మూత్రం రాకపోతే నర్సుకి చెప్పాలి.

లేచే పద్ధతి తెలియకే చాలామందికి నొప్పి ఎక్కువవుతుంది. వెల్లకిలా ఉండి తల ఎత్తి లేవకూడదు. మోకాళ్ళు మడిచి, భుజాలూ నడుమూ ఒకేసారి తిప్పి పక్కకి ఒత్తిగిలాలి. కాళ్ళు మంచం అంచు నుంచి కిందికి దించి, కింది మోచేయి, పై చెయ్యి ఆనించి పైకి నెట్టుకోవాలి. ఒక నిమిషం కూర్చుని, కళ్ళు తిరగకపోతేనే నిలబడాలి. దగ్గు, తుమ్ము వచ్చినప్పుడు దిండు కుట్ల మీద అదిమి పట్టుకుంటే సగం బాధ తగ్గుతుంది. నులక మంచం నడిమధ్య గుంట పడుతుంది, అందులోంచి లేవడానికి పొట్ట బిగించక తప్పదు. ఆరు వారాలు గట్టి మంచమే మేలు.

అపోహ: కుట్లకి నీళ్ళు తగలకూడదు, పసుపు రాసి నడికట్టు బిగిస్తే త్వరగా మానుతుంది.

మన డెల్టాలో ఎక్కువ ఇబ్బంది ఇక్కడే. కోత పొత్తికడుపు మడత కింద అడ్డంగా ఉంటుంది. కాలువ పక్క ఊళ్ళో, ఉక్కపోతలో, ఆ మడతలో గాలి ఆడదు. దాని మీద పసుపు, పౌడరు, పైన బిగించిన చీర ముక్క! తడి ఎక్కడికీ పోదు. చర్మం నాని తెల్లబడి చీలుతుంది, సూక్ష్మజీవులకి దారి దొరుకుతుంది.

కోత పైపొర మామూలుగా రెండు రోజుల్లో మూసుకుంటుంది. డాక్టర్ కట్టు తీశాక రోజూ స్నానం చేయొచ్చు. నీళ్ళు పైనుంచి జారనివ్వాలి, రుద్దకూడదు. కాలువ నీళ్ళు, చెరువు నీళ్ళు వద్దు, తాగే నీళ్ళయితే సరే. తర్వాత ఉతికిన మెత్తని గుడ్డతో అద్దాలి. పడుకుని మడత పైకెత్తి పదిహేను నిమిషాలు గాలి తగలనివ్వాలి. ఇది రోజుకి రెండుసార్లు చేస్తే చాలు. నడిచేటప్పుడు వదులుగా బెల్టు పెట్టుకుంటే హాయిగా ఉంటుందనిపిస్తే పెట్టుకోవచ్చు, పడుకునేటప్పుడు తీసెయ్యాలి. బెల్టు వల్ల పొట్ట లోపలికి పోదు.

తేడా ఎలా తెలుస్తుందో ఒక బాలింత సంగతిగా చూద్దాం. లంక ఊరు, ఆగస్టు నెల, కాన్పయి ఏడో రోజు. ఆసుపత్రి నుంచి వచ్చేటప్పటికి నొప్పి తగ్గుముఖంలో ఉంది. ఇప్పుడు కుడి కొసన మళ్ళీ మొదలైంది. తగ్గిన నొప్పి తిరిగి పెరగడమే మొదటి గుర్తు. మడత ఎత్తి ఫోన్‌తో ఫోటో తీస్తే ఆ కొస ఎర్రగా ఉంది, తాకితే వేడి. జ్వరం 99.6. ఎర్రదనం ఎక్కడి దాకా ఉందో అంచు వెంట పెన్నుతో గీత గీసి, వార్డుకి ఫోన్ చేసి, రెండు పూటలా జ్వరం చూశారు. తెల్లారేసరికి ఎరుపు గీత దాటి ఒక వేలు వెడల్పు పాకింది, జ్వరం 101. ఇక ఆగే పని లేదు.

ఆసుపత్రిలో ఆ కొసన ఒకటి రెండు కుట్లు విప్పి చీము బయటికి వదిలి, సెలైన్‌తో కడిగి, కొంచెం పరీక్షకి పంపి, యాంటీబయాటిక్ మొదలుపెడతారు. షుగర్ కూడా చూస్తారు. రోజూ డ్రెస్సింగ్ చేస్తుంటే పుండు అడుగు నుంచి నిండుతూ వస్తుంది. అలా కాకుండా ఆర్‌ఎంపీ దగ్గర రెండు ఇంజెక్షన్లు చేయించుకుని ఊరుకుంటే జ్వరం తగ్గినట్టుంటుంది, చీము మాత్రం లోపలే ఉండిపోతుంది.

ఇంకొకటి. చీము కాకుండా, మాంసం కడిగిన నీళ్ళలాంటి గులాబి రంగు ద్రవం ఒక్కసారిగా గుడ్డ తడిసేంత కారితే, లోపలి గట్టి పొర విడిపోయి ఉండొచ్చు. శుభ్రమైన తడి గుడ్డ కప్పి, ఏమీ తినకుండా తాగకుండా వెంటనే బయలుదేరాలి. కోత పొడవునా గట్టిగా తగలడం, చుట్టూ తిమ్మిరి, దురద మాత్రం నెలల తరబడి ఉంటాయి. వాటికి భయం అక్కర్లేదు.

అపోహ: బాలింతకి జ్వరం మామూలే, పాలు పడుతున్నాయి.

పాలు దిగేటప్పుడు రొమ్ములు గట్టిపడి ఒళ్ళు కాస్త వెచ్చబడొచ్చు. 100.4 దాటితే ఆ మాట అనుకోకూడదు. దుర్వాసనతో మైల, గంటకో ప్యాడ్ చొప్పున రెండు గంటలు తడవడం, నిమ్మకాయంత గడ్డలు, ఒక్క పిక్కే వాచి నొప్పి, ఇవన్నీ అదే రోజు చూపించాల్సినవి. తీవ్రమైన తలనొప్పి, కళ్ళు మసకలు, పొట్ట పైభాగంలో నొప్పి వస్తే బీపీ చూడాలి. కాన్పు ముందు బీపీ లేకపోయినా తర్వాత రావచ్చు. లేచి కూర్చుంటే పెరిగి, పడుకుంటే తగ్గే తలనొప్పి నడుము ఇంజెక్షన్ వల్ల కావచ్చు, అదీ చెప్పాలి. ఆయాసం, మూర్ఛ, ఆగని రక్తస్రావం అయితే 108కి ఫోన్ చేయాలి. రేవు దాటాల్సిన లంకల్లో పడవ ఆగేలోగా, సందేహం వచ్చిన సాయంత్రమే అవతలి గట్టుకి చేరడం మంచిది.

అపోహ: నెల నిండింది, ఇక అన్ని పనులూ చేసుకోవచ్చు.

పైన మచ్చ మానినట్టు కనిపించినా లోపలి గట్టి పొరకి బలం రావడానికి వారాలు పడుతుంది. ఆరు వారాలు బిడ్డ బరువే హద్దు. నిండు బిందె పదిహేను కిలోలు దాటుతుంది. మెట్లు మెల్లగా ఎక్కొచ్చు, నిలబడి కూర కలపొచ్చు, కత్తిపీట ముందు కింద కూర్చుని లేవడం మాత్రం కొన్నాళ్ళు వాయిదా వేయాలి. స్కూటర్ నడపడం, భార్యాభర్తల కలయిక ఆరు వారాల పరీక్ష తర్వాత. పాలిస్తుంటే గర్భం రాదన్న నమ్మకంతో ఏడాది లోపే మళ్ళీ కాన్పుకి వచ్చేవాళ్ళున్నారు. గర్భసంచి మీద కుట్టు గట్టిపడాలంటే తర్వాతి గర్భానికి కనీసం ఏడాదిన్నర, వీలైతే రెండేళ్ళు ఎడం కావాలి. ఆ ఎడానికి ఏ పద్ధతి వాడాలో ఆరు వారాల పరీక్షలోనే అడిగి రాయించుకోండి.