నిద్రలో ఆగే ఊపిరి, తడబడే గుండె: అపోహలు - వాస్తవాలు

తాడిపత్రిలో నాపరాళ్ళ పాలిష్ యూనిట్ నడిపే 52 ఏళ్ళ వ్యక్తి ఒకరు అనంతపురంలోని నా దగ్గరికి గుండె లయను ఒంటికి తగిలించి నమోదు చేసే హోల్టర్ పరికరం రిపోర్టు పట్టుకుని వచ్చారు. 24 గంటల ఆ రికార్డింగులో తెల్లవారుజామున 3 గంటల 40 నిమిషాలకు గుండె 4.6 సెకన్లపాటు కొట్టుకోలేదని నమోదైంది. అంతకన్నా చిన్న విరామాలు ఇంకా చాలా ఉన్నాయి. పేస్‌మేకర్ పెట్టించుకోవాలని వేరేచోట చెప్పడంతో భార్యాభర్తలిద్దరూ బెదిరిపోయి ఉన్నారు. వివరాలు కొంత మార్చి ఆయన సంగతి ఇక్కడ చెబుతున్నాను, ఎందుకంటే నిద్రలో ఊపిరి పదేపదే ఆగిపోయే జబ్బు, అంటే స్లీప్ ఆప్నియా గురించి నేను తరచుగా వినే అపోహలన్నీ ఆ ఒక్క కేసులోనే కలిసి కనిపించాయి.

అపోహ: గురక పెడుతున్నారంటే గాఢంగా నిద్రపోతున్నట్టే.

నేను ముందుగా ఆయన భార్యను అడిగాను. "పండుకున్న గంటకే గురక మొదలవుతుంది సార్. ఉన్నట్టుండి చప్పుడు నిలిచిపోతుంది. ఊపిరి ఆడతాందో లేదో అని లేచి చూస్తా. అంతలోనే ఎగశ్వాస తీసినట్టు ఒక్కసారి గట్టిగా లాగుతారు" అన్నారామె. రోగనిర్ధారణకు కావలసిన సమాచారంలో సగం ఆ మాటల్లోనే ఉంది.

నిద్రలో గొంతు కండరాలు వదులవుతాయి. కొందరిలో నాలుక వెనుక భాగమూ మెత్తని అంగిలీ కుంగి, గాలి వెళ్ళే దారి ముందు సన్నబడుతుంది, తర్వాత పూర్తిగా మూసుకుపోతుంది. సన్నబడినప్పుడు వచ్చేది గురక, మూసుకుపోయినప్పుడు మిగిలేది నిశ్శబ్దం. కనీసం 10 సెకన్లు గాలి ఆడకపోతే దానిని ఒక విరామంగా లెక్కిస్తాం. ఇలా పూర్తిగా ఆగినవీ, బాగా తగ్గినవీ కలిపి గంటకు 5 లోపు ఉంటే సాధారణం, 30 లేదా అంతకు మించితే తీవ్రం. తర్వాత చేయించిన నిద్ర పరీక్షలో ఆయనకు గంటకు 46 వచ్చాయి, రక్తంలో ఆక్సిజన్ ఒక దశలో 71 శాతానికి పడిపోయింది. విరామం ముగియాలంటే మెదడు ఒక్క క్షణమైనా మేల్కొనాలి. ఆయన రాత్రంతా అలా మేల్కొంటూనే ఉన్నారు, కానీ ఉదయానికి ఒక్కటీ గుర్తుండదు.

అపోహ: నిద్రలో గుండె ఆగి ఆగి కొట్టుకుంటే పేస్‌మేకర్ తప్పదు.

ఈ ఒక్క అపోహ దగ్గర ఎక్కువసేపు ఆగాలి. చెరువులో మునక వేసి ఊపిరి బిగబట్టినప్పుడు గుండె వేగం తగ్గడం మన శరీరానికి పుట్టుకతో వచ్చిన స్పందన. ఆక్సిజన్ తగ్గుతున్నట్టు మెడలోని రక్తనాళాల దగ్గరున్న గ్రాహకాలు పసిగడతాయి, ఊపిరితిత్తులు కదలడం లేదు కాబట్టి వేగస్ నరం గుండెను నెమ్మదింపజేస్తుంది. గొంతు మూసుకుపోయిన మనిషిలోనూ మంచం మీద జరిగేది ఇదే. కొందరిలో ఈ నెమ్మదించడం ఎంత దూరం వెళుతుందంటే, గుండె కొన్ని సెకన్లు నిలిచిపోతుంది. గొంతు తెరుచుకుని ఊపిరి అందగానే వేగస్ పట్టు సడలి, అడ్రినలిన్ ఉప్పొంగి, గుండె ఒక్కసారిగా పరుగెడుతుంది.

అందువల్ల హోల్టర్‌లో నేను చూసేది విరామం పొడవును మాత్రమే కాదు, దానికి ముందూ వెనకా ఉన్న నడకను. ఆయన రికార్డులో వేగం మెల్లమెల్లగా తగ్గడం, ఆగడం, వెంటనే పుంజుకోవడం అలలు అలలుగా మళ్ళీ మళ్ళీ కనిపించింది. అన్నీ రాత్రి 11 నుంచి ఉదయం 5 మధ్యనే ఉన్నాయి, పగలు ఒక్కటీ లేదు. ఆయన ఎన్నడూ స్పృహ తప్పలేదు, ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తే గుండె వేగం పెరగవలసినంతా పెరిగింది. అంటే గుండెలోని విద్యుత్ వ్యవస్థ బాగానే ఉంది, దాన్ని అణచివేస్తున్నది ఊపిరి ఆగడమే. అమెరికా హృద్రోగ నిపుణుల సంఘాలు 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా, నిద్రలో మాత్రమే గుండె నెమ్మదించేవారికి ముందు స్లీప్ ఆప్నియా ఉందేమో చూడమంటాయి.

దీనికి హద్దులున్నాయి. మెలకువగా ఉండగా విరామాలు వచ్చినా, పగలు స్పృహ తప్పినా, ఈసీజీలో విద్యుత్ మార్గం తీవ్రంగా దెబ్బతిన్న గుర్తులున్నా, ఆప్నియా ఉన్నప్పటికీ పేస్‌మేకర్ అవసరం పడవచ్చు. ఆయనకు ఇవేవీ లేవు. నిద్రలో ముసుగు ద్వారా గాలిని పీడనంతో పంపే సీప్యాప్ యంత్రం మొదలుపెట్టి 6 వారాల తర్వాత, అది పెట్టుకుని నిద్రిస్తుండగా తీసిన హోల్టర్‌లో 2 సెకన్లు మించిన విరామం ఒక్కటీ లేదు.

అపోహ: ఆక్సిజన్ తగ్గడమే నష్టం, ఇంట్లో సిలిండర్ పెట్టుకుంటే చాలు.

మూసుకున్న గొంతుకు ఎదురుగా ఛాతీ గాలిని లాగడానికి పెనుగులాడుతూనే ఉంటుంది. ఆ లాగుడుకు ఛాతీ లోపలి పీడనం బాగా పడిపోయి, పలుచని గోడలున్న కర్ణికలు, అంటే గుండె పై గదులు, బయటికి సాగుతాయి. ఒంటికి రక్తాన్ని పంపే కింది గది, అంటే ఎడమ జఠరికేమో అదే లాగుడుకు ఎదురుగా రక్తాన్ని నెట్టవలసి వస్తుంది. ఊపిరి అందిన క్షణంలో బీపీ ఎగబాకుతుంది. మామూలుగా నిద్రలో 10 నుంచి 20 శాతం తగ్గవలసిన బీపీ వీరిలో తగ్గదు, అందుకే కొందరికి మూడు రకాల మాత్రలు వాడినా అదుపులోకి రాదు. సాగిన కర్ణికలు మూత్రాన్ని పెంచే హార్మోనును కూడా విడుదల చేస్తాయి. ఆయన రాత్రికి మూడుసార్లు లేచేవారు, షుగరేమోనని రెండుసార్లు పరీక్ష చేయించుకున్నారు కూడా.

సిలిండర్ ఆక్సిజన్ అంకెను పెంచవచ్చు కానీ గొంతును తెరవదు, ఛాతీ లాగుడు అలాగే ఉంటుంది. సీప్యాప్ ఇచ్చేది ఆక్సిజన్ కాదు, గదిలోని గాలినే కొంత పీడనంతో పంపి గొంతు కుంగకుండా నిలబెడుతుంది. ఆయనకు సరిపోయిన పీడనం 11 సెంటీమీటర్ల నీటి మట్టమంత.

అపోహ: గుండె దడకు మందులు వాడుతున్నాం కాబట్టి నిద్ర సంగతి వేరు.

ఏళ్ళ తరబడి సాగిన కర్ణికల్లో మచ్చలు ఏర్పడతాయి, వేగస్, అడ్రినలిన్ వంతులవారీగా రెచ్చగొడుతూ ఉంటే అక్కడ లయ తప్పి గుండె అస్తవ్యస్తంగా కొట్టుకునే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ తేలికగా మొదలవుతుంది. ఈ లయ తప్పుడును విద్యుత్ షాకుతో సరిచేసినవారిని గమనించి 2003లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఆప్నియాకు సరైన చికిత్స లేనివారిలో 82 శాతం మందికి ఏడాదిలోపే అది తిరిగివచ్చింది, చికిత్స తీసుకున్నవారిలో 42 శాతానికే వచ్చింది. అయితే అది చిన్న అధ్యయనం, యంత్రం ఎవరు వాడాలన్నది లాటరీ పద్ధతిలో నిర్ణయించలేదు. గుండె, మెదడు రక్తనాళాల జబ్బు ఉన్న 2,717 మందిని లాటరీ పద్ధతిలో విభజించి చేసిన 2016 నాటి పరీక్షలో సీప్యాప్ గుండెపోటు, పక్షవాతాలను తగ్గించినట్టు తేలలేదు. వారు దాన్ని వాడినది సగటున రాత్రికి 3.3 గంటలే. అందుకే ఈ యంత్రం గుండెపోటును ఆపుతుందని నేనెవరికీ హామీ ఇవ్వను. గురక, పగటి మగత, రాత్రి విరామాలు తగ్గుతాయని చెబుతాను, బీపీ కూడా కొంత దిగుతుందని చెబుతాను, రక్తం పలుచన చేసే మందు అవసరమైనవారు దాన్ని మానకూడదనీ చెబుతాను.

అపోహ: ఇది లావుగా ఉన్నవారి జబ్బు.

బరువు పెద్ద కారణమే. కానీ దవడ చిన్నగా వెనక్కి ఉన్నవారికీ, టాన్సిల్స్ పెద్దవిగా ఉన్నవారికీ సన్నగా ఉన్నా వస్తుంది. గుండె బలహీనమైనవారిలో మరో రకం ఉంది. అందులో గొంతు తెరిచే ఉంటుంది, ఊపిరి తీయమనే ఆజ్ఞే మెదడు నుంచి కాసేపు రాదు. అక్కడ గుండె జబ్బే ఊపిరి ఆగడానికి కారణం, చికిత్స కూడా వేరు. అందుకే అనుమానం ఉన్నవారి ఇంట్లోవాళ్ళను, గురక ఆగిన సమయంలో ఛాతీ, పొట్ట కనిపించేలా రెండు నిమిషాల వీడియో తీసుకురమ్మంటాను. శబ్దం లేకపోయినా పొట్ట ఎగిరెగిరి పడుతుంటే అడ్డు గొంతులో ఉండవచ్చు. ఛాతీ, పొట్ట రెండూ కదలకుండా ఉండిపోతే నిద్ర పరీక్షతో పాటు గుండె ఎకో కూడా వెంటనే రాస్తాను.